డాక్టర్ సలహా: మంట తగ్గింది సరే, సాక్సు మీద ఆ మచ్చ సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 48. మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డును. రోజుకు 12 గంటలు ఎండలోనే నిలబడాలి. కంపెనీ ఇచ్చిన నల్ల బూట్లు బిగుతుగా ఉంటాయి. రెండేళ్లు అరికాళ్లు బాగా మండేవి. దేవుడి దయ వల్ల ఈమధ్య మంట తగ్గింది, కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది అంతే. కుడి బొటనవేలి కింద ఆనెకాయకు మెడికల్ షాపులో ప్లాస్టర్ కొని వేసుకుంటున్నాను. మొన్న ఖాకీ సాక్సు మీద అక్కడే చిన్న మచ్చ కనిపించింది, నొప్పి లేదు. ఏడేళ్లుగా షుగర్ మాత్ర వాడుతున్నాను. ట్రాఫిక్‌లో హోంగార్డుగా ఉన్న మా బావమరిది స్పోర్ట్స్ షూ కొనుక్కోమంటున్నాడు. జెల్ ఇన్‌సోల్ వేస్తే సరిపోదా? ఏ బూట్లు మంచివి?

సమాధానం: బూట్ల సంగతి కింద రాస్తాను. ముందు ఆ ప్లాస్టర్ తీసేయండి. రేపు డ్యూటీకి వెళ్లకండి, ఆ పాదాన్ని డాక్టరుకు చూపించండి. వీక్లీ ఆఫ్ దాకా ఆగొద్దు.

మంట తగ్గిందని మీరు సంతోషపడుతున్నారు. నాకు టెన్షన్ పెట్టింది అదే. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతినడం మొదలైనప్పుడు మంటలు, సూదులతో గుచ్చినట్టు ఉండటం మామూలే. నరం ఇంకా పాడైతే ఆ మంట కూడా తెలియదు. మంట పోయి దాని చోట మొద్దు వచ్చిందంటే జబ్బు తగ్గిందని కాదు, ముదిరిందేమోనని అనుమానించాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గి కూడా నరాలు దెబ్బతినవచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి. పాదం చూడకుండా ఇది ఫలానా అని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. కానీ నొప్పి లేకుండా సాక్సుకు తడి అంటిందంటే, ఆనెకాయ కింద చర్మం చిట్లి పుండు పడిందనే అనుకుని జాగ్రత్తపడాలి. పైన గట్టి మూత ఉంటుంది కాబట్టి కింద పుండు ఉన్నట్టు కంటికి కనిపించదు. ఖాకీ సాక్సు కాబట్టి మచ్చయినా మీ కంట పడింది. నల్ల సాక్సయితే అదీ తెలిసేది కాదు.

ఇక ఆ ప్లాస్టర్. వారానికి ఇద్దరు ముగ్గురైనా దీన్ని అతికించుకునే నా దగ్గరికి వస్తారు. మధ్యలో ఉండే ఆ మందు సాలిసిలిక్ యాసిడ్, చాలావాటిలో 40 శాతం ఉంటుంది. అది ఆనెకాయను మెత్తబరిచినట్టే చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. తిమ్మిరి లేనివాడికి చురుక్కుమంటుంది, పీకేస్తాడు. మీకు చురుక్కుమనదు. షుగర్ ఉన్నవారు వాడొద్దని చాలా డబ్బాల మీద వాళ్లే రాస్తారు. షాపతను షుగర్ ఉందా అని అడిగి ఉండడు, మీరూ చెప్పి ఉండరు. ఏడేళ్ల షుగర్ పేషెంటు పాదం మీద యాసిడ్ పెట్టే ముందు ఒక్కసారి డాక్టరును అడగాలి కదండీ. బ్లేడుతో గీరడం, వేడి నీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెట్టడం కూడా ఇలాంటివే. పాదానికి తెలియని వేడి బొబ్బలెక్కిస్తుంది.

ఈ రాత్రే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకోండి. మీ ఆవిడ వేలి కొసతో మీ రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలి కొనలను ఒక్కొక్కటిగా మెల్లగా తాకాలి. నొక్కకూడదు, ఒకటి రెండు సెకన్లు చాలు. ఆరు చోట్లలో రెండో, అంతకన్నా ఎక్కువో తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం. ఆరూ తెలిసినా సరే, రేపు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానుకోవద్దు. డాక్టరు 10 గ్రాముల బరువుకు వంగే సన్నటి నైలాన్ పోగుతో మళ్లీ చూస్తారు, పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో పట్టి చూస్తారు.

బూటు గురించి మీకు తేలికగా అర్థం కావడానికి ఒకరి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక ట్రాఫిక్ హోంగార్డు నా దగ్గరికి వచ్చారు. 50 దాటిన మనిషి, షుగర్ ఉంది. ఎండ 40 డిగ్రీలున్న రోజు నల్ల తారు 60 కూడా దాటుతుంది. ఆ వేడికి ఆయన బూటు ముందుభాగంలో జిగురు వదిలి సోల్ నోరు తెరిచింది. సిగ్నల్ పక్కన కుట్టే అతను నాలుగు చిన్న మేకులు కొట్టి సరిచేశాడు. నెల తిరిగేసరికి లోపలి అట్ట అరిగి ఒక మేకు కొన పైకి వచ్చింది. రెండో వేలి కింద అది గుచ్చుకుంటున్నా మూడు రోజులు ఆ బూట్లతోనే డ్యూటీ చేశారు. నా దగ్గరికి కాలు వాపు అని వచ్చారు. ఆ బూటులో చెయ్యి పెడితే మేకు నా వేలికి ఠక్కున తగిలింది. ఎక్స్-రే తీస్తే ఎముకకు ఇన్ఫెక్షన్ చేరింది. ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. వేడి నేరుగా కాల్చకపోయినా ఇలా జిగురు దగ్గరి నుంచి, వాపు దగ్గరి నుంచి లోపలికి వస్తుంది. అందుకే బూటు వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులిపి, లోపల చేత్తో తడమండి. మేకులు కొట్టిన బూటు ఇక వద్దు.

జెల్ ఇన్‌సోల్ బిగుతు బూటులో వేస్తే పాదం పైకి లేస్తుంది. అప్పుడు వేళ్ల పైభాగం బూటుకు రాసుకుని అక్కడ కొత్త పుండు పడుతుంది. ముందు బూటులో చోటుండాలి. ఒక కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీసి, దాని మీద మీ బూటు పెట్టి చూడండి. గీత బయటికి కనిపిస్తే ఆ బూటు మీ పాదానిది కాదు. కొనేది సాయంత్రం పూట కొనండి. రోజంతా నిలబడ్డాక పాదం వాచి ఉంటుంది, ఆ కొలతే మీకు కావాలి. డ్యూటీ సాక్సు వేసుకుని, నిలబడి చూసుకోండి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లేసులున్నది, సోల్ మందంగా ఉండి చుట్టూ కుట్టినది తీసుకోండి. లోపల ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్ట పట్టేంత లోతు ఉండాలి. రెక్సిన్ బూట్లు చెమటను పట్టేస్తాయి, తోలు మేలు. కుదిరితే రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకోండి, ఒకటి ఆరుతుంది. బావమరిది చెప్పిన స్పోర్ట్స్ షూ కూడా ఈ కొలతలకు సరిపోతే తప్పేమీ లేదు. యూనిఫాం కాదని సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే డాక్టరు దగ్గర కాగితం రాయించుకోండి.

ఇదంతా పుండు లేదని తేలితేనే. ఉందని తేలితే మానేదాకా ఏ కొత్త బూటూ వద్దు. ఆ చోట బరువు పడకుండా ఏం వేసుకోవాలో డాక్టరు చెబుతారు. కూర్చుని చేసే డ్యూటీ కూడా అడగాల్సి రావచ్చు. జీతం 21,000 లోపైతే మీ కంపెనీ ఈఎస్ఐ కట్టి ఉండాలి, ఆ కార్డు తీసుకుని వెళ్లండి. లేకపోతే బస్తీ దవాఖానాలో మొదలుపెట్టినా వాళ్లు పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఈలోగా పాదం ఎర్రబడినా, వాచినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. యాంటీబయోటిక్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

వెళ్లేటప్పుడు ఆ బూట్లు, మచ్చ పడిన ఆ సాక్సు సంచిలో వేసుకెళ్లండి. సాక్సు ఉతకొద్దు.