వృద్ధి గణనలో ఆల్ఫా విలువను ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ప్రశ్న: ఎం.ఎ. ప్రాజెక్టు కోసం Y = A·K^α·L^(1−α) రూపంతో వృద్ధి గణన చేస్తున్నాను. జీతాల వాటా చూసి α = 0.7 పెట్టితే ఉత్పాదకత వాటా దాదాపు సున్నా వస్తోంది, పుస్తకాల్లో ఉన్నట్టు 0.3 పెట్టితే చాలా ఎక్కువ వస్తోంది. ఏది సరైనది?

జవాబు: విశాఖపట్నంలో చాలా కాలం అర్థశాస్త్రం బోధిస్తూ, ఇలాంటి ప్రాజెక్టులకు మార్గదర్శకత్వం వహించిన అనుభవంతో చెబుతున్నాను. మీ సమస్య సూత్రంలో లేదు, స్వయం ఉపాధి ఆదాయాన్ని ఎవరి ఖాతాలో వేశారన్న దగ్గర ఉంది.

సమీకరణానికి సంవర్గమానం తీసుకుని, కాలంతో వచ్చే మార్పును చూస్తే ఘాతాంకాలు భారాలుగా మారతాయి:

```
gY = gA + α·gK + (1−α)·gL
```

ఇందులో ఉత్పత్తి, మూలధనం, శ్రమల వృద్ధి రేట్లను లెక్కించగలం. ఉత్పాదకత వృద్ధి అయిన gA మాత్రం నేరుగా కనిపించదు, మిగతావి తీసేయగా మిగిలే అవశేషమే అది. రాబర్ట్ సోలో 1957లో అమెరికా గణాంకాలతో చేసింది ఈ పనే. పోటీ మార్కెట్లో ప్రతి ఉత్పత్తి కారకానికీ దాని ఉపాంత ఉత్పత్తికి సమానమైన ప్రతిఫలం అందుతుందన్న ఊహ మీదే, మొత్తం ఆదాయంలో మూలధనానికి దక్కే వాటాను మనం α అంటున్నాము.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో సొంత మరబోటు మీద తానే వేటకు వెళ్ళే మత్స్యకారుణ్ణి తీసుకోండి. డీజిలు, ఐసు ఖర్చులు పోగా అతని చేతికి వచ్చే డబ్బులో కొంత బోటుకు రావలసిన ప్రతిఫలం, కొంత అతని రెక్కల కష్టానికి కూలి. అతనికి ఎవరూ జీతం ఇవ్వరు కనుక, జీతాల వరుసను మాత్రమే శ్రమ వాటాగా తీసుకునే లెక్క ఆ కూలిని కూడా మూలధనానికే కట్టబెడుతుంది. పూర్ణా మార్కెట్ చిల్లర దుకాణదారు, సొంత ఆటో నడుపుకునే డ్రైవరు, కౌలు రైతు అందరి ఆదాయమూ ఇలాంటిదే. జాతీయ ఖాతాల్లో దీన్ని మిశ్రమ ఆదాయం అంటారు. మన దేశంలో స్వయం ఉపాధి విస్తృతి వల్ల ఇది పెద్ద మొత్తమే అవుతుంది.

తేడా ఎంతో ఒక ఊహాజనిత ఆర్థిక వ్యవస్థలో చూద్దాం. ఆదాయం మొత్తం 100 అయితే, ఉద్యోగుల జీతాలు 30, కంపెనీల మిగులు 30, మిశ్రమ ఆదాయం 40 అనుకోండి. ఉత్పత్తి ఏటా 7 శాతం, మూలధనం 9 శాతం, శ్రమ 2 శాతం పెరుగుతున్నాయి. జీతాలను మాత్రమే శ్రమగా పరిగణిస్తే α 0.7 అవుతుంది, మూలధనం నుంచి 6.3, శ్రమ నుంచి 0.6 పోగా ఉత్పాదకతకు 0.1 మిగులుతుంది. మిశ్రమ ఆదాయాన్నంతా శ్రమకే ఇస్తే α 0.3; అప్పుడు 2.7, 1.4 పోగా 2.9 మిగులుతుంది. మిగతా రంగంలో జీతాలకూ మిగులుకూ ఉన్న నిష్పత్తిలోనే, అంటే సగం సగంగా, విడదీస్తే α 0.5, అవశేషం 1.5. మూలధనం, శ్రమల వృద్ధి రేట్ల మధ్య తేడా 7 కనుక, α 0.1 మారిన ప్రతిసారీ అవశేషం 0.7 మారుతుంది. ఆ రెండు రేట్లూ దగ్గరగా ఉన్న దేశంలో ఈ వివాదమే ఉండదు. మూలధనం వేగంగా పోగుపడే దేశంలో మాత్రం ఫలితమంతా దీని మీదే నిలబడుతుంది.

డగ్లస్ గోలిన్ 2002లో పలు దేశాల లెక్కలను ఇలా సవరించి చూసినప్పుడు, పేద దేశాల్లో చాలా తక్కువగా కనిపించిన శ్రమ వాటా ధనిక దేశాల స్థాయికి దగ్గరగా వచ్చింది. అందుకే మీ 0.7ను నేను అంగీకరించలేను. అయితే 0.3 కూడా ఒక అంచు మాత్రమే, ఎందుకంటే బోటుకూ ఆటోకూ ఏ ప్రతిఫలమూ లేదని చెప్పడం న్యాయం కాదు. స్వయం ఉపాధిలో ఉన్న ప్రతి మనిషికీ ఉద్యోగి సగటు జీతాన్ని ఆపాదించే మరో పద్ధతి ఉంది. కానీ వారి సంపాదన ఉద్యోగుల కన్నా బాగా తక్కువగా ఉన్నచోట అది శ్రమ వాటాను అతిగా పెంచేస్తుంది.

మీరు ఎంచుకున్న α నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి నేను విద్యార్థుల చేత తప్పక చేయించే పరీక్ష ఒకటుంది. αను మూలధనం-ఉత్పత్తి నిష్పత్తితో భాగిస్తే మూలధనం మీద స్థూల ప్రతిఫల రేటు వస్తుంది. ఆ నిష్పత్తి 3 అనుకుంటే, α 0.7 అన్నప్పుడు అది 23 శాతం దాటుతుంది, 0.3 అన్నప్పుడు 10 శాతం. తరుగుదల తీసేశాక మిగిలిన రేటును బ్యాంకుల వడ్డీ రేట్లతోనూ, పరిశ్రమలకు నిజంగా వచ్చే లాభాలతోనూ పోల్చండి. ఆర్థిక వ్యవస్థ మొత్తానికీ నమ్మలేనంత రేటు వస్తే, అందులో ఎవరిదో కూలి కలిసిపోయిందని అర్థం.

ఒక్క ఏడాది అవశేషాన్ని మాత్రం ఉత్పాదకతగా చదవకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్నో యంత్రాలు ఆగిపోయాయి. కానీ పెట్టుబడులను కూడుతూ స్థిరమైన తరుగుదల తీసే మూలధన లెక్కలో అవి యథాతథంగా పనిచేస్తున్నట్టే ఉంటాయి. ఆ లోటంతా gA మీద పడి, సాంకేతికత వెనక్కి పోయినట్టు చూపిస్తుంది. కాబట్టి కనీసం ఐదేళ్ళ సగటులు తీసుకుని, α 0.3, 0.4, 0.5 మూడింటికీ ఫలితాలను ఒకే పట్టికలో ఇవ్వండి. మూడింటిలోనూ నిలిచే నిర్ణయాన్నే ప్రాజెక్టు ముగింపులో రాయండి.