మొదటి ప్రదర్శన తర్వాత ప్రశ్నలు

ఉద్దానం కిడ్నీ రోగులపై తీసిన డాక్యుమెంటరీని శ్రీకాకుళంలో మొదటిసారి వేస్తున్నాం. తర్వాత ప్రేక్షకులు ఇబ్బందిపెట్టే ప్రశ్నలు వేస్తే ఎలా?

మీకు భయం కలిగించే ప్రశ్నలు రాసి, సినిమాతో సంబంధంలేని స్నేహితుడి చేత గట్టిగా అడిగించుకోండి. ‘ఇంతకీ కారణం నీళ్లేనా?’ అని తప్పక అడుగుతారు. కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. ఆ మాటే చెప్పి ఆగండి. చప్పట్ల ఊపులో ఊహలు చెప్పాలనిపిస్తుంది, జాగ్రత్త.

‘డయాలసిస్ మంచం మీది మనిషిని చూపించడానికి ఆయన ఒప్పుకున్నారా?’ అన్నది అంతకంటే కష్టం. సమ్మతి ఎప్పుడు, ఎలా తీసుకున్నారో, ఎడిటింగ్ పూర్తయ్యాక ఆ దృశ్యం ఆయనకు చూపించారో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. చూపించలేదా? ప్రదర్శనకు ముందే ఆయన ఇంటికి వెళ్లి చూపించి రండి. వద్దంటే ఆ దృశ్యం తీసేయడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.