పిల్లల ఫోన్ కొనే ముందు కాంబో ధర అడగండి

ప్రశ్న: మాది కర్నూలు. పాప ఆరో తరగతి, ఇంకా పదకొండేళ్లే. రోజూ సాయంత్రం రెండు గంటలు ఆన్‌లైన్ ట్యూషన్ ఉంటుంది. పదివేల లోపు గట్టి ఫోన్ ఏది తీసుకోవాలి? క్లాసు మధ్యలో చార్జింగ్ అయిపోకూడదు, యూట్యూబ్‌కి అతుక్కుపోకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

మాది అనంతపురం. మా పిల్లోడికి ఏడాదిన్నరలో రెండు ఫోన్లు కొన్నాం. మొదటిది తప్పు కొన్నాం, అందుకే ఇంత చెప్పగలుగుతున్నా. మోడల్ పేరు మాత్రం చెప్పను. నేను చెప్పిన మోడల్ మీరు షాపుకి పోయేసరికి ఉండదు.

మొదటిది సెకండ్ హ్యాండ్, 5,500. ఎవరో వాడిన మంచి ఫోనే, అమోలెడ్ స్క్రీన్, చూడ్డానికి కొత్తగా ఉంది. రెండో నెలలో మంచం మీద నుంచి జారి కింద పడింది. మా ఇంట్లో కడప బండలు. పడిన చప్పుడుకే నాకు అర్థమైపోయింది. రిపేరు షాపులో కాంబో, అంటే డిస్‌ప్లే టచ్ రెండూ కలిసిన ముక్క, ఒరిజినల్ 4,200 అన్నారు. ఫోనే 5,500 అయితే దానికి 4,200 ఎవరు పెడతారు? కాపీ కాంబో వేయించాం. వేళ్లకి టచ్ సగం సార్లు అందేది కాదు. అక్షరం మీద రెండుసార్లు నొక్కి నొక్కి పిల్లోడు విసుక్కునేవాడు.

అందుకే రెండోసారి ముందు రిపేరు షాపుకే పోయినా. మనసులో అనుకున్న మూడు మోడళ్ల పేర్లు చెప్పి, "అన్నా, వీటిల్లో దేనికి కాంబో ఊర్లోనే దొరుకుతుంది, ఎంత?" అని అడిగినా. ఒకదానికి 1,600, ఇంకోదానికి 2,900, మూడోదానికి "ఆర్డరు పెట్టాల, వారం పడుతుంది" అన్నాడు. మేం 1,600దే కొన్నాం. సాదా ఎల్‌సీడీ స్క్రీన్, ప్లాస్టిక్ వెనక భాగం. పిల్లల చేతిలో ఫోన్ పడుతుంది, అది ఆగదు. పడినప్పుడు ఎంతలో లేస్తుందన్నదే చూసుకోవాలి. వెనక గాజు ఉన్న ఫోన్ అయితే పగిలే వైపు ఇంకోటి పెరుగుతుంది. మూలలు మందంగా ఉండి, అంచు స్క్రీన్ కంటే కాస్త పైకి లేచిన కవరు వేయించండి. పల్చటి కవరుకి ముందు వైపు గచ్చుకి తగిలేది స్క్రీనే.

ఇక బ్యాటరీ. మొదటి ఫోన్‌లో క్లాసుకి ముందు వందకి చార్జింగ్ పెడితే రెండు గంటలకి ముప్పై ఎనిమిదికి దిగేది. సగం పాతబడ్డ బ్యాటరీ, దానికి తోడు మా వెనక గదిలో సిగ్నల్ ఒకటే గీత. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ టవర్‌ని అందుకోవడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. కెమెరా ఆన్, స్క్రీన్ ఆన్, మొబైల్ డేటా ఆన్ అంటే మూడు ఖర్చులూ ఒకేసారి. కొత్తదాంట్లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. పక్కింటి వైఫై మీద అదే రెండు గంటల క్లాసుకి వంద నుంచి డెబ్బై ఆరుకి దిగింది. వైఫై లేని రోజు వరండాలో కూర్చోబెడితే అరవై ఎనిమిది, వెనక గదిలో అయితే యాభై తొమ్మిది. కాబట్టి కూర్చునే చోటు కూడా బ్యాటరీ లాంటిదే. ముందు అది చూసుకోండి.

చార్జింగ్ పెట్టి క్లాసు వినిపించొద్దు. అది మాకు గట్టిగా తగిలింది. మే నెల, రేకుల గది, మొదటి ఫోన్ చార్జర్‌కి తగిలించి దిండుకి ఆనించి పెట్టుకుని పిల్లోడు వినేవాడు. బ్యాటరీకి చార్జింగ్ వేడి, క్లాసు వేడి, గది వేడి అన్నీ కలిశాయి. పదిహేను రోజులకి వెనక మూత ఒక పక్క సన్నగా లేచింది. ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల వేలితో తిప్పితే బొంగరంలా తిరిగింది. వెనక చదునుగా ఉండే ఫోన్ అట్లా తిరగదు, తిరిగితే బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించాల. ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా షాపులో ఇచ్చేశాం. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా కవరు తీసి ఇదే పరీక్ష చేయండి. దాంతోపాటు *#06# కొట్టి ఐఎంఈఐ చూసి, KYM అని రాసి ఒక ఖాళీ వదిలి ఆ అంకెలు 14422కి మెసేజ్ పంపండి. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. నేను మొదటిసారి ఇవేవీ చేయలేదు.

ర్యామ్ నాలుగు జీబీ ఉంటే క్లాసుకి సరిపోతుంది. దాని మీద ఎక్కువ ఆలోచించొద్దు.

యూట్యూబ్ సంగతికొస్తే, ఫోన్‌లోనే ఉన్న కంట్రోల్స్ కంటే, పిల్లల ఫోన్‌ని మన ఫోన్ నుంచే అదుపు చేసే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ ఆప్ మేలు. ఉచితమే. అయితే మేం పడిన తప్పు మీరు పడొద్దు. పిల్లోడికి జీమెయిల్ చేసేటప్పుడు వయసు తక్కువంటే ఒప్పుకోదని ఎవరో చెబితే, పుట్టిన సంవత్సరం 1998 అని కొట్టినాం. ఆ లెక్కన గూగుల్ దృష్టిలో వాడు పెద్దవాడు. పెద్దవాళ్ల ఖాతాకి ఫ్యామిలీ లింక్ పర్యవేక్షణ పెట్టనివ్వదు. ఒక ఆదివారమంతా దాంతో కుస్తీ పట్టి, చివరికి అసలు పుట్టిన తేదీతో కొత్త ఖాతా తెరిచినాం. మీ పాపకి మొదటే సరైన తేదీ వేసి, మీ ఫోన్ నుంచే ఖాతా తెరవండి.

తర్వాత రోజుకి ఎంతసేపు అన్న పరిమితి పెట్టినా. గంటన్నర. మొదటి రోజే సాయంత్రం ఏడున్నరకి క్లాసు మధ్యలో స్క్రీన్ లాక్ అయిపోయింది. నేను పనిలో ఉన్నా, వాళ్ల అవ్వ ఫోన్ చేసి "పిల్లోడు ఏడుస్తా ఉన్నాడు, ఫోన్ చచ్చిపోయిందంట" అంది. క్లాసు ఆప్‌ని ఆల్వేస్ అలౌడ్‌లో పెట్టాలి. అప్పుడు పరిమితి అయిపోయినా, పడుకునే వేళ లాక్ పడినా అది పనిచేస్తుంది. మిగిలినవి లెక్కలోకి వస్తాయి. యూట్యూబ్‌కి విడిగా ముప్పై నిమిషాలు పెట్టినా. ఇంకో సంగతి, తెలియని చోట్ల నుంచి ఆప్‌లు దింపుకోవడాన్ని అక్కడే ఆపేయండి. స్నేహితుడి ఫోన్ నుంచి ఆట ఫైల్ పంపించుకోవడం ఆరో తరగతి పిల్లలకి రెండు నిమిషాల పని.

ఇది చేయలేని పనీ ఉంది. ఫ్యామిలీ లింక్ వాట్సాప్ లోపల ఏం జరుగుతోందో చూపించదు. వాట్సాప్ పదమూడేళ్లు నిండినవాళ్లకే కాబట్టి, స్కూల్ గ్రూపు నా ఫోన్‌లోనే ఉంచినా. హోంవర్క్ ఫోటోలు నేను పంపుతా. కొంచెం తలనొప్పే, రాత్రి ఎనిమిదికి గణితం పేజీలు ఫోటో తీయడం.

అన్నట్టు, లాక్ పడిన ఫోన్ తెరవడానికి పెద్దల యాప్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ కనిపిస్తుంది. అది పిల్లల ముందు చదవొద్దు. మా వాడు నా వెనక నిలబడి చూసి, ఒకసారి అక్కడికక్కడే కొట్టేసినాడు. కోడ్ కాసేపటికి మారిపోతుంది గానీ, ఆ కాసేపు వాడికి చాలు.