జానెడు ఎత్తు, మూరెడు వాసన

శ్రీకాకుళం

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన మేనకోడలికి అత్త ఆశీర్వదించి రాయునది.

సిరిమాను పండుగ నాటి మధ్యాహ్నం మీ ఇంట్లో ఆరుగురు పెద్దలు భోజనానికి కూర్చుంటున్నారనీ, కొత్తగా కొన్న భోజనాల బల్ల మధ్యలో ఏదైనా అందంగా అమర్చాలని ఉందనీ, అది ఎంత ఎత్తు ఉండాలో, ఏ పూలు పెట్టాలో తెలియడం లేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. బల్ల కొలతలు, ఎవరు ఎక్కడ కూర్చుంటారన్న సంగతి కూడా రాసి మంచి పని చేశావు. ఈ పనిలో పూల గురించి ఆలోచించే ముందు కుర్చీల గురించి ఆలోచించాలి.

విజయనగరంలో మేము కాపురమున్న రోజుల్లో ఒక దసరాకు నేను చేసిన పొరపాటు చెబుతాను. మూరెడు ఎత్తున్న ఇత్తడి కూజాలో లిల్లీ కాడలు నిండుగా గుచ్చి బల్లకు సరిగ్గా నడిమధ్యన నిలబెట్టాను. గుమ్మంలోంచి చూసిన ప్రతివారూ మెచ్చుకున్నారు. భోజనానికి కూర్చున్న తరువాత మాత్రం మా మామగారు ఒక్క మాటా మాట్లాడకుండా తిని లేచారు. ఆయనకు అప్పటికే వినికిడి తగ్గింది, ఎదుటివారి పెదవులు చూస్తేనే మాట అందేది. ఆ పూల కాడలు ఆయనకూ ఎదురుగా కూర్చున్న ఆయన తమ్ముడికీ మధ్య గోడలా నిలిచాయి. ఏడాదికొకసారి కలుసుకునే అన్నదమ్ములను ఒకరికొకరు కనబడకుండా చేశానన్న బాధ నాకు నేటికీ ఉంది. ఎదురెదురు ముఖాల మధ్యనున్న దారిని ఖాళీగా వదిలి, మిగిలిన చోటులోనే అలంకరణ చేయాలన్న నియమం పెట్టుకున్నది ఆనాటి నుంచే.

నీ బల్ల పొడవు అయిదడుగులు, వెడల్పు మూడడుగులు అన్నావు. ఒక్కొక్క పక్కన ముగ్గురు కూర్చుంటే ఒక్కొక్కరికి 20 అంగుళాల చోటు వస్తుంది. అంటే ఒక కొస నుంచి లెక్కిస్తే కుర్చీల మధ్యభాగాలు 10, 30, 50 అంగుళాల దగ్గర పడతాయి. బల్లకు నడిమధ్య అంటే 30వ అంగుళం, అది సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చున్న ఇద్దరి ముఖాల మధ్య దారి. అందరమూ అలవాటుగా పూలగిన్నె పెట్టేది అక్కడే. నువ్వు ఒక పెద్ద గిన్నెకు బదులు రెండు చిన్న గిన్నెలు తీసుకుని, ఒకటి 20వ అంగుళం దగ్గర, మరొకటి 40వ అంగుళం దగ్గర, అంటే కుర్చీకీ కుర్చీకీ నడుమ సందు ఉన్నచోట, ఎదురుగా పెట్టు. మధ్యనున్న ఖాళీలో బల్లపరుపుగా ఉండే పళ్ళెం ఒకటి ఉంచితే చూడడానికి బోసిగా ఉండదు, దాని మీదుగా చూపు హాయిగా సాగిపోతుంది.

వెడల్పు కూడా ఇలాగే చూసుకోవాలి. బల్ల అంచు నుంచి అంగుళం వదిలి 12 అంగుళాల కంచం పెడితే రెండు వైపులా కలిపి 26 అంగుళాలు పోతాయి, మధ్యలో పది అంగుళాల పట్టీ మిగులుతుంది. అందులో ఇరువైపులా ఒక్కొక్క అంగుళం వదిలేయగా నీకు దక్కేది ఎనిమిది. కనుక గిన్నె మూతి ఏడంగుళాలకు మించనివ్వకు. కూర, పులుసు, పులిహోర గిన్నెలను బల్ల మీదకు తేవద్దు. మన ఇళ్ళలో ఒకరు నిలబడి వడ్డిస్తారు కాబట్టి వాటిని పక్కనున్న చిన్న బల్ల మీద ఉంచుకోవచ్చు. వడ్డించేవారి చేయి, కొంగు పూల మీదుగా పోవలసి వస్తుందన్నది కూడా అలంకరణ ఎత్తుగా ఉండకూడదనడానికి ఒక కారణమే.

ఇక ఎత్తు. బల్ల మీద మోచేయి ఆనించి పిడికిలి పైకెత్తితే ఎంత ఎత్తు వస్తుందో అంతవరకు ఉండవచ్చునని కొందరు చెబుతారు. అది అడుగు పైచిలుకు వస్తుంది. నిటారుగా కూర్చుని చెంచాతో తినేవారికి ఆ కొలత సరిపోతుందేమో గాని, చేత్తో కలుపుకుని తినే మనం కంచం మీదకు వంగుతాము, అప్పుడు ముఖం ఒక బెత్తెడైనా కిందకు దిగుతుంది. అందుచేత నేను జానెడు కొలత పెట్టుకున్నాను. బొటనవేలి కొస బల్లకు ఆనించి చేయి పూర్తిగా చాపితే చిటికెనవేలు ఎక్కడికి వస్తుందో, గిన్నె, పువ్వు కలిపి అంతకు మించకూడదు. అమర్చిన తరువాత ఆరు కుర్చీలలోనూ వరుసగా కూర్చుని, ముద్ద తీసుకుంటున్నట్లు వంగి, ఎదుటి కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టి వారి గడ్డం కనబడుతోందో లేదో చూడు. నిలబడి చూస్తే ఏ అలంకరణ అయినా బాగానే కనిపిస్తుంది. భోజనాల వేళ ఎవరైనా మెడ పక్కకు వంచి మాట్లాడుతున్నా, గిన్నెను వేలితో కాస్త జరుపుతున్నా అది అడ్డుగా ఉందని తెలుసుకుని, ఏమీ అడగకుండా తీసేయి.

ఎత్తుగా ఏదో ఒకటి లేకపోతే పండుగ కళ రాదని నువ్వు రాసిన మాట కాదనను. నీ బల్లకు ఒక కొస గోడకు ఆని ఉందన్నావు కదా, అక్కడ ఎవరూ కూర్చోరు, ఆ వైపుగా ఎవరి చూపూ సాగదు. రెండడుగుల ఎత్తున మామిడి కొమ్మలు పెట్టుకోవాలంటే ఆ గోడ వారనే పెట్టుకో. బరువైన అడుగున్న పాత్రే వాడు, ఎందుకంటే పైన ఫ్యాను తిరుగుతున్నంతసేపూ కొమ్మలు ఊగుతూనే ఉంటాయి. ఆ ఫ్యాను గాలికి దీపం కూడా నిలవదు. మధ్యాహ్నపు భోజనానికి దాని అవసరమూ లేదు.

వాసన విషయంలో నువ్వు మరింత జాగ్రత్త పడాలి. నోట్లో ముద్ద రుచిగా అనిపించడంలో చాలా భాగం గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనదే. బల్ల మీద లిల్లీలు, సంపెంగలు, మల్లెలు గుప్పుమంటుంటే ఇంగువ పోపూ, కాచిన నెయ్యీ వెనుకబడిపోతాయి. పైగా పండుగకు వచ్చే ఆడవారి జడల్లో పూలు ఎలాగూ ఉంటాయి. బల్ల మీద పూల వాసన మూరెడు దూరం దాటకూడదని నా లెక్క: వంగి చూస్తే తెలియాలి, కూర్చుంటే తెలియకూడదు. అందుకు బంతి, చామంతి చాలు. వాటి మధ్య రెండు మూడు మరువం రెమ్మలు గుచ్చితే, చేయి తగిలినప్పుడు మాత్రమే పరిమళిస్తాయి. లిల్లీలు నీకు అంత ఇష్టమైతే గుమ్మం దగ్గర పెట్టు, లోపలికి వచ్చేవారికి ఆ వాసన స్వాగతం చెబుతుంది. అగరువత్తులు పూజగదిలోనే ఉండనీ. ఇంకొక సంగతి గుర్తుంచుకో. పూలు కడుతూ కూర్చున్న మనిషి ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకు అలవాటుపడి దానిని గుర్తించడం మానేస్తుంది. కాబట్టి నువ్వు కాసేపు వీధి అరుగు మీదకు వెళ్ళి తిరిగి వచ్చి చూడు, లేదా బయటి నుంచి అప్పుడే వచ్చినవారిని అడుగు.

గిన్నెలకు బూడితి ఇత్తడివి పొట్టిగా, వెడల్పు మూతితో ఉన్నవి చూసుకో. నీళ్ళ మరకలు పడకుండా లోపల స్టీలు గిన్నె ఇమిడ్చి, దానిలో మూడింట రెండు వంతులే నీళ్ళు పోయి. ఒక్కొక్క దానిలో ఏడెనిమిది బంతిపూలు తేలేస్తే సరిపోతుంది. కాడను పువ్వు అడుగు దాకా కత్తిరించు గాని, రేకులను పట్టి ఉంచే పచ్చని దొప్పను మాత్రం కోయకు. అది తెగితే గంటలో రేకులన్నీ నీళ్ళలో విడిపోతాయి. ముందురోజు తొలేళ్ళ సందడిలో పూలు కొనిపెట్టుకున్నా, నీళ్ళలో వేయడం మాత్రం పండుగ ఉదయం పది గంటలకు పెట్టుకో.

పూజకు తెచ్చిన గన్నేరు పూలు ఎర్రవైనా పచ్చవైనా తినే బల్ల దరిదాపుల్లోకి రానివ్వకు, అవి విషం. పాలు కారే నందివర్ధనం, క్రోటను ఆకులు కూడా వద్దు. బజారు పూల మీద పురుగుల మందు ఉంటుంది గనుక బంతి, చామంతులను కూడా తినే వస్తువులకు తగలనివ్వకూడదు.

మధ్య పళ్ళెంలో ఏమి పెట్టాలన్నది మిగిలింది. పుస్తకాల్లో బొమ్మలు చూసి బల్ల మధ్యన మిఠాయిలు, కోసిన పండ్లు పేరుస్తారు. కాని మన భోజనంలో కుడిచేయి ఎంగిలి అయిపోయాక అందులోంచి ఎవరూ ఏమీ తీసుకోరు, కోసిన జామముక్కల మీద ఈగలు చేరతాయి, దాని వాసన కూడా ఘాటే. అందుచేత ఆ పళ్ళెంలో చేతులు కడుక్కున్న తరువాత పనికివచ్చేవే ఉంచు. కడిగి తుడిచిన తమలపాకులు విసనకర్రలా పరిచి, వాటి మీద చిన్న గిన్నెల్లో వక్కలు, ఏలకులు, పలాస జీడిపప్పు, అంగుళం చొప్పున కోసిన భీమాళి మామిడితాండ్ర పెట్టు. ఆ ఆకుల పచ్చదనమే అలంకరణ అవుతుంది, వాటి వాసన భోజనానికి అడ్డు రాదు. ఫ్యాను గాలికి ఆకులు వడలిపోతాయి కాబట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచి, అతిథులు కూర్చోవడానికి పది నిమిషాల ముందే పరుచు. జీడిపప్పు నేతిలో వేయించకు, ఆ వాసనకు పిల్లలు ముందే ఖాళీ చేస్తారు. తాండ్రకు చీమలు పట్టకుండా దానిని కూడా చివరనే తీసి పెట్టు. సీతాఫలాలు దొరికే కాలమే కనుక, కళ్ళు విచ్చుకుని ఇంకా గట్టిగా ఉన్న మూడు పండ్లను పూలగిన్నెల పక్కన ఉంచవచ్చు. మెత్తబడినవి ఒకదాని బరువుకు ఒకటి పగులుతాయి.

మీ మామగారికి ఎడమచెవి వినబడదని రాశావు కదా. ఆయనను వరుస కొసన, తన ఎడమవైపు ఎవరూ లేని కుర్చీలో కూర్చోబెట్టు, అందరి మాటా కుడిచెవికే వస్తుంది. ఆ వరుసకు వెనుకనే కిటికీ ఉండేలా చూసుకో, అప్పుడు వెలుగు ఎదుటివారి ముఖాల మీద పడి ఆయనకు పెదవులు స్పష్టంగా కనిపిస్తాయి. నువ్వు గీసి పంపిన పటం ప్రకారం అది గోడ వైపు కొస. కాబట్టి మామిడి కొమ్మలను ఆయన ముఖానికి అడ్డం రానంతగా గోడకు చేర్చు, సరిపోకపోతే కొమ్మలే తీసేయి. ఆయనకు ఎదురుగా మీ నాన్నను కూర్చోబెట్టు.

ఆశీస్సులతో,
మీ అత్త