టెక్ సందేహాలు: ట్యూన్‌లో పట్టే మాట ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ఫ్రెండ్ ట్యూన్ పంపాడు, నేను పాట రాస్తున్నా. పల్లవిలో చందమామ, నది, రాత్రి మూడూ రావాలి. కానీ ఈ మాటలు ట్యూన్‌లో పట్టడం లేదు. గూగుల్‌లో పర్యాయపదాలు వెతికితే స్కూల్ పుస్తకం జాబితాలే వస్తున్నాయి. మంచి యాప్ గానీ సైట్ గానీ ఉందా? ల్యాప్‌టాప్ ఉంది. - ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: యాప్ అక్కర్లేదు, రెండు సైట్లు చాలు. మొదటిది andhrabharati.com. అందులో నిఘంటు శోధనలో ‘చంద్రుడు’ అని కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, పర్యాయపద నిఘంటువు లాంటివన్నీ ఒకేచోట వెతికి చూపిస్తుంది. రెండోది షికాగో విశ్వవిద్యాలయం వారి dsal.uchicago.edu. ఇందులో బ్రౌన్ నిఘంటువు తెరిచి, వివరణలతో సహా మొత్తం వెతికేలా ఎంచుకుని moon అని కొట్టండి. అర్థంలో ఆ మాట ఉన్న తెలుగు పదాలన్నీ బయటికొస్తాయి. గ్రహణం, అమావాస్య లాంటివి కూడా వస్తాయి, వాటిని వదిలేయండి. తట్టని తెలుగు మాటలు పట్టుకోవడానికి నేనైతే దీన్నే ముందు వాడతాను.

ఇక అసలు ఇబ్బంది. ఏ నిఘంటువూ మాట పొడవు చెప్పదు, మీకు కావలసింది అదే. దొరికిన మాటలను గూగుల్ షీట్స్‌లో ఒక నిలువు వరసలో పెట్టి, పక్క వరసలో మాత్రలు, అంటే పలకడానికి పట్టే కాలం లెక్క, రాసుకోండి. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్న అక్షరానికీ, జంటాక్షరానికి ముందున్న అక్షరానికీ రెండు. ఈ లెక్క ఫార్ములాకు అప్పజెప్పకండి. =LEN("చంద్రుడు") అని కొడితే 8 వస్తుంది, ఎందుకంటే అది గుణింతపు గుర్తులనూ, పొల్లునూ, సున్నానూ విడివిడిగా లెక్కపెడుతుంది. నిజానికి ఆ మాటకు 4 మాత్రలే.

ఇలా లెక్క వేస్తే చందమామ 6, నది 2, రాత్రి 3 వస్తాయి. మూడింటికీ పొంతన లేదు, ట్యూన్‌లో పట్టకపోవడానికి అదే కారణం అయి ఉండాలి. ఇప్పుడు షీట్‌లో 4 అని ఫిల్టర్ పెట్టండి. జాబిలి, వాహిని, యామిని లాంటివి మిగులుతాయి. ఈ మూడూ ‘తానన’ నడకే. ట్యూన్ నాలుగు దెబ్బలదైతే ‘జాబిలి తొంగిన వాహిని ఒడిలో’ అని అడుగుకు నాలుగు మాత్రలతో సాగిపోతుంది. మూడు దెబ్బలదైతే రేయి, ఏరు తీసుకోండి: ‘రేయి దాటి ఏరు పాడె’. జాబిలికి ఇంకో ‘ల’ చేర్చి జాబిల్లి అంటే 5 అవుతుంది, నెలరాజు, రేరాజు కూడా 5. ఆ ఒక్క మాత్ర కోసం లైన్ మొత్తం మార్చుకోనక్కర్లేదు.

గాయకుడు సాగదీస్తాడులే అనుకోవద్దు. మాట చివర సాగితే ఫర్వాలేదు, రేయీ అని పాడొచ్చు. మొదట్లో సాగిందా, నది కాస్తా ‘నాది’ అయిపోతుంది!

మాత్రలు సరిపోయినా కొన్ని మాటలు పాటలో నిలవవు. నదికి ‘ఆపగ’ కూడా నాలుగే, కానీ విన్నవాడికి ఏదో ఆపమన్నట్టు వినిపిస్తుంది. రాత్రికి ‘శర్వరి’, ‘త్రియామ’ ఉన్నాయి, అర్థం విప్పి చెప్పాల్సి వస్తే పల్లవిలో పెట్టకండి. కొన్నిటి అర్థమే వేరు: నెలవంక నిండు చందమామ కాదు, నిశీథం అంటే అర్ధరాత్రి, వాగు అంటే చిన్న ఏరు. పర్యాయపదాల జాబితాలు ఈ తేడాలు సాధారణంగా చూపవు కాబట్టి, మాట తీసుకునే ముందు నిఘంటువులో దాన్నే విడిగా వెతికి అర్థం చదవండి. పాట ‘బావా, మరదలా’ వరసలో ఉంటే యామిని, వాహిని తీసేసి రేతిరి పెట్టండి, దానికీ నాలుగే. నదికి మాత్రం అంత తేలికైన నాలుగు మాత్రల తెలుగు మాట నాకు తట్టడం లేదు. అక్కడ ‘ఏరు’కే విభక్తి చేర్చి ‘ఏటికి’ అంటే నాలుగు అవుతుంది.

విభక్తి అన్నాను కాబట్టి ఇదొకటి. నిఘంటువులో ‘ఏటిలో’ అని వెతికితే దొరకదు, ‘ఏరు’ అనే వెతకాలి. అలాగే పాత నిఘంటువుల్లో ‘చంద్రుఁడు’ అని అరసున్నతో ఉంటుంది. అలాగే కాపీ చేసి షీట్‌లో పెడితే, తర్వాత మీరు మామూలుగా ‘చంద్రుడు’ అని వెతికినప్పుడు ఆ గడి తగలదు. మాటలన్నీ ఎక్కించాక Ctrl+H నొక్కి, పైగడిలో ఁ పెట్టి, కింది గడి ఖాళీగా వదిలి ఒక్కసారే మార్చేయండి.