మూడో మందు కొనే ముందు పెంటికలు పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. నలభై గొర్రెలు, పదిహేను మేకలు ఉన్నయి. వానలు పడంగనే ఆల్బెండజోల్ (2.5 శాతం) తలా 10 మి.లీ. తాపించిన. నెలకు ఫెన్‌బెండజోల్ తాపించిన. అయినా పారుడు లేకుండనే దవడ కింద నీరు దిగి మూడు సచ్చినయి. ఇప్పుడు ఏ నట్టల మందు తాపాలె?

జవాబు: పారుడు లేకుండా దవడ కింద నీరు దిగిందంటే ముందుగా అనుమానించవలసింది నాలుగో పొట్టలో ఉండి రక్తం పీల్చే హీమాంకస్ నట్టను. ఈసారి జీవం చనిపోతే నాలుగో పొట్టను కోయించి చూడండి. రెండు, మూడు సెంటీమీటర్ల పొడవున, ఎరుపు తెలుపు దారాలు కలిపి పేనినట్టుండే సన్నని పురుగులు కనిపిస్తాయి. ఎరుపు అది తాగిన రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. కార్జపు జలగ వల్ల కూడా దవడ కింద నీరు దిగుతుంది కాబట్టి కార్జాన్ని కూడా కోయించి చూడాలి.

మీరు మందు మార్చారనుకుంటున్నారు గాని, నిజానికి మార్చలేదు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే జాతి మందులు. నట్ట ఒకదానికి తట్టుకోవడం నేర్చుకుంటే రెండోదానికీ తట్టుకుంటుంది. పైగా ఆ మొదటి మోతాదు కూడా అన్నిటికీ సరిపోలేదు. 2.5 శాతం మందులో మి.లీ.కు 25 మి.గ్రా. ఉంటుంది కాబట్టి, కిలో బరువుకు 7.5 మి.గ్రా. లెక్కన 30 కిలోల గొర్రెకు 9 మి.లీ. చాలు, కాని 45 కిలోల పొట్టేలుకు 13.5 మి.లీ. కావాలి. మేక శరీరం ఈ మందును గొర్రె కన్నా త్వరగా బయటకు పంపేస్తుంది కాబట్టి దానికి గొర్రె మోతాదు చాలదు, దాదాపు రెట్టింపు అవసరమవుతుంది. అదెంతో పశువైద్యుడే నిర్ణయించాలి. చాలీచాలని మోతాదుకు బలహీనమైన నట్టలు చచ్చి, మొండివి మిగిలి గుడ్లు పెడతాయి.

కాబట్టి మందు పనిచేయలేదా, మోతాదు చాలలేదా అన్నది ముందు తేలాలి. చూలు మొదటి నెలలో లేని పది గొర్రెలకు గుర్తు కట్టి, ఒక్కోదాని మలద్వారం నుంచి నాలుగైదు గ్రాముల పెంటికలు తీసి, విడివిడి సంచుల్లో గాలి లేకుండా మూటగట్టండి. వాటిని చల్లగా ఉంచి అదే రోజు ల్యాబుకు చేర్చాలి, అయితే గడ్డ కట్టనివ్వకూడదు. మన వానాకాలపు ఉక్కలో గుడ్లు ఒక రోజులోనే పొదగడం మొదలవుతుంది, అప్పుడు లెక్క తప్పుగా తక్కువ వస్తుంది. ల్యాబులో 3 గ్రాముల పెంటికలను 42 మి.లీ. చిక్కటి ఉప్పు నీటిలో కలిపి, తేలిన గుడ్లను గీతల పలక మీద లెక్కపెడతారు. కనిపించే ఒక్కో గుడ్డు గ్రాముకు 50 గుడ్లకు సమానం. నమూనా తీసిన రోజే ఆ గొర్రెలను తూచి ఆల్బెండజోల్ సరైన మోతాదులో తాపించి, సరిగ్గా 14వ రోజున అవే గొర్రెల పెంటికలు మళ్ళీ పంపాలి. ముందుగా తీస్తే, చావని నట్టలు కూడా కొద్దిరోజులు గుడ్లు ఆపి మనల్ని మోసం చేస్తాయి. మూడు వారాలు దాటితే మేతలో కొత్తగా ఎక్కిన నట్టలు గుడ్లు పెట్టడం మొదలవుతుంది.

ఉదాహరణకు మొదట సగటున పలక మీద 48 గుడ్లు, అంటే గ్రాముకు 2,400 వచ్చి, 14వ రోజున 30 గుడ్లు, అంటే 1,500 వచ్చాయనుకుందాం. తగ్గింది 37.5 శాతమే. మందు బాగా పనిచేస్తే 95 శాతానికి పైగా తగ్గాలి. అలాంటి లెక్క వస్తే మీ మందలో ఈ జాతి మందుల పని అయిపోయినట్టే. అయితే గుడ్డును చూసి హీమాంకస్‌దో, అలాంటి వేరే నట్టదో చెప్పలేరు. గుడ్లను పొదిగించి పిల్ల పురుగులను చూస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష కూడా చేయమని అడగండి.

లెక్క వచ్చేదాకా పాలిపోయినవి ఆగలేవు. కంటి కింది రెప్పను వంచి చూడండి. తెల్లగా లేదా బాగా పాలిపోయి ఉన్నవాటిని పరీక్ష పదిలో చేర్చకుండా, పశువైద్యునితో వేరే జాతి మందైన లెవామిసోల్ ఇప్పించండి. దీని మోతాదు మించితే జీవం నురగ కక్కి వణుకుతుంది కాబట్టి తూచకుండా తాపవద్దు. చిన్న నట్టలు గుడ్లు పెట్టకముందే రక్తం తాగుతాయి గనుక, గుడ్ల లెక్క తక్కువ వచ్చినా రెప్ప తెల్లగా ఉంటే మందు ఇవ్వాల్సిందే. రెప్ప ఎర్రగా ఉండి, బలంగా మేస్తున్నవాటికి మాత్రం తాపకండి. వాటి నట్టలకు మందు తగలదు గనుక అవి పెట్టే గుడ్లు మేతలో మొండి నట్టల సంతతితో కలిసి, మొండివాటి వంతును తగ్గిస్తాయి. మంద మొత్తానికి తాపి వెంటనే కొత్త బీడుకు తోలితే అక్కడ మొండివే మిగులుతాయి. వానాకాలం అయ్యేదాకా రెండు వారాలకొకసారి రెప్పలు చూస్తూ ఉండండి.

సంతలో కొన్న జీవాలను మాత్రం నేరుగా మందలో కలపకండి. రెండు వేర్వేరు జాతుల మందులు ఇప్పించి, విడిగా కట్టేసి మేపి, 14వ రోజున పెంటికల్లో గుడ్లు లేవని తేలాకనే మీ బీడులోకి వదలండి.