సగం నీది, సగం ఆమెది

కడప,
అక్టోబరు 20

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

మొన్న నువ్వు ఇంటికి వచ్చినప్పుడు ఫ్రెంచ్ సంగతి అడిగితే మొహం చిన్నబుచ్చుకున్నావు. ఫ్రాన్స్‌లో రెన్ ఊళ్లో చదివే అమ్మాయి ఒకతి, భాషలు ఇచ్చిపుచ్చుకునే టాండెమ్ యాప్‌లో దొరికిందనీ, మూడు వారాలు మాట్లాడుకున్నారనీ, ప్రతిసారీ గంటా ఇంగ్లిష్‌లోనే గడిచిపోతోందనీ చెప్పావు. ఆమెది స్వార్థం అన్నావు. నాకు అలా అనిపించలేదు. ఆమె ఇంగ్లిష్ నీ ఫ్రెంచ్ కంటే మేలు. నీరు పల్లమెరుగు అన్నట్టు మాట కూడా ఎటు సులువైతే అటే పారుతుంది. కట్ట వేసుకోవాల్సింది మీరిద్దరే. ఆ రోజు మీ పెద్దమ్మ సంగటికి పిలవడంతో మాట మధ్యలో ఆగిపోయింది. అందుకే రాస్తున్నాను.

నాకు ఇదంతా దెబ్బలు తిన్నాకే తెలిసింది. మీ అక్క లియాన్‌లో స్థిరపడ్డాక, మనవరాలు ఫోన్‌లో ఫ్రెంచ్‌లో గలగలా మాట్లాడుతుంటే తెల్లమొహం వెయ్యలేక, రిటైరయ్యాక మొదలుపెట్టాను కదా. ఏడాదిన్నర పుస్తకం చదివాక జత కోసం వెతికాను. పదిహేను మందికి రాస్తే నలుగురు బదులిచ్చారు. ఇద్దరితో మాట్లాడి చూశాను, ఒకామె నిలిచింది. నాంట్‌లో ఉంటుంది, రిటైరైన నర్సు. కాబట్టి నలుగురైదుగురు జవాబివ్వలేదని మనసు కష్టపెట్టుకోవద్దు.

వెతకడంలో నేను చేసిన మొదటి తప్పు మెసేజ్‌లోనే ఉంది. “నాకు ఫ్రెంచ్ నేర్పిస్తారా” అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఇవతలి వాడు ఏమిస్తాడో అందులో లేదు మరి. తర్వాత మార్చి రాశాను. నా స్థాయి ఇది, వారానికి ఒక రోజు, గంట, అరగంట మీ భాష, అరగంట నా ఇంగ్లిష్, నాలుగు వారాలు చూసి నచ్చితే కొనసాగిద్దాం అని ఐదు వాక్యాలు. మొదటి మూడు ఫ్రెంచ్‌లో, చివరి రెండు ఇంగ్లిష్‌లో. అలా రాస్తే రెండు భాషల్లోనూ మనం ఎక్కడున్నామో అవతలి వాళ్లకు చదవగానే తెలిసిపోతుంది. హలోటాక్‌లో, కన్వర్సేషన్ ఎక్స్ఛేంజ్ అనే సైట్‌లో కూడా వెతకవచ్చు. నా లెక్కలో వయసు, ఆసక్తి కలిసిన వాళ్లే నిలుస్తారు. మొదటి రెండు మూడు కాల్స్ యాప్‌లోనే చెయ్యి. అప్పుడే వాట్సాప్ నంబర్ ఇవ్వొద్దు. చదువు మాట పక్కన పెట్టి ఫొటోలు అడిగేవాడు దొరికితే మారుమాట లేకుండా బ్లాక్ చెయ్యి.

ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లే కావాలని కొందరు ముఖం మీదే చెప్తారు. దాచకుండా “నాది భారతీయ ఇంగ్లిష్, చదువంతా అందులోనే” అని రాసెయ్యి. మారిషస్ వైపు కూడా ఒక చూపు వెయ్యమంటాను. అక్కడ ఫ్రెంచ్ బాగా నడుస్తుంది. తెలుగు మూలాలున్న కుటుంబాలున్నాయి, బళ్లలో తెలుగు చెప్తారు. అలాంటి వాళ్లు దొరికితే నువ్వు ఇంగ్లిష్ బదులు తెలుగే ఇవ్వొచ్చు. దిద్దడంలో అప్పుడు నీకు తిరుగుండదు. టైమ్ తేడా కూడా గంటన్నరే.

ఇక అసలు సంగతి, గంటను పంచుకోవడం. నేనూ నర్సమ్మా మొదట్లో “ఇష్టం వచ్చినట్టు మారుద్దాం” అనుకున్నాం. ఒక్క వారం కూడా సరిగ్గా సాగలేదు. ఆ తర్వాత ఫోన్‌లో అలారం పెట్టాం. ముందు ఇరవై ఐదు నిమిషాలు ఒక భాష, ఐదు నిమిషాలు దిద్దుబాటు, మళ్లీ ఇరవై ఐదు, ఐదు. అలారం మోగితే వాక్యం మధ్యలో ఉన్నా భాష మారాల్సిందే. ఏ భాష ముందు అన్నది వారం వారం తిప్పుకున్నాం. ఎందుకంటే కోతపడేది ఎప్పుడూ రెండో భాషకే. కరెంటు పోయినా, వాళ్లింటికి ఎవరైనా వచ్చినా నష్టపోయేది అదే. జూమ్‌లో ఉచిత ఖాతా నలభై నిమిషాలకు కట్టవుతుంది. ఆ సంగతి ఎరగక రెండు వారాలు వరసగా నా ఫ్రెంచే ఎగిరిపోయింది. గూగుల్ మీట్‌లో ఇద్దరే ఉంటే ఆ బాధ లేదు.

అలారం పెట్టాక అంతా సరిపోయిందనుకున్నాను. ఒకరోజు ఆమె ఒప్పుకుంటే రికార్డు చేసి, తర్వాత వాచీ పట్టుకుని విన్నాను. ఇరవై ఐదు నిమిషాల ఫ్రెంచ్‌లో నేను మాట్లాడింది తొమ్మిది నిమిషాలు! మిగతాదంతా ఆమే. ఫ్రెంచ్ సులువు కాబట్టి ఆమె కథలు చెప్పింది, నేను “వుయ్, వుయ్” అంటూ తలూపాను. ఇంగ్లిష్ సగంలో నేనూ అదే పని చేశాను, మన దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లింలు రావడం గురించి ఉపన్యాసం దంచాను. పాపం, ఆమె నోరు విప్పలేదు. గడియారం సగం సగం పంచింది గానీ, ఇద్దరం ఎవరి బలమైన భాషలో వాళ్లమే మాట్లాడుకున్నాం. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఏ భాష నడుస్తుంటే ఆ భాష వచ్చినవాళ్లు ప్రశ్నలు మాత్రమే అడగాలి, అదీ చిన్నవి. మాట రాక ఆగిపోతే పది సెకన్లు ఊరుకోవాలి, అందించకూడదు. ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి. భరించు. నెల తర్వాత మళ్లీ కొలిస్తే పదహారు నిమిషాలు వచ్చింది.

నువ్వు ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్ బి1 రాస్తానంటున్నావు కాబట్టి నీ ఇరవై ఐదు నిమిషాల్ని ఆ నోటి పరీక్షలాగే పెట్టుకో. పరీక్ష మొత్తం పదిహేను నిమిషాల దాకా ఉంటుంది. నీ గురించి రెండు మూడు నిమిషాలు, ఒక సందర్భంలో ఇద్దరూ నటిస్తూ మాట్లాడుకోవడం మూడు నాలుగు నిమిషాలు, చిన్న వ్యాసం చదివి నీ అభిప్రాయం ఐదు నుంచి ఏడు నిమిషాలు. రెండోది మీ ఇద్దరికీ సరదాగా ఉంటుంది. ఆమె దుకాణదారు, నువ్వు చిరిగిన చొక్కా వెనక్కి ఇవ్వడానికి వచ్చావు అనుకో. బేరమాడు. వ్యాసాన్ని ఆమె ముందురోజు పంపితే సరి.

దిద్దుబాటు దగ్గర మాకు మరో పేచీ వచ్చింది. ఆఫీసులో ముప్పై ఏళ్లు నోట్‌షీట్లు దిద్దిన చెయ్యి కదా, ఆమె ఇంగ్లిష్‌లో “ద” వదిలేసినా, “ఏ” వదిలేసినా ఆపేవాణ్ణి. ఆమేమో నేను ఏం మాట్లాడినా “త్రె బియాన్”, అంటే చాలా బాగుంది, అనేది. ఇద్దరం ఒకే గూగుల్ డాక్ తెరిచి, ఎడమ వైపు అన్నమాట, కుడి వైపు సరైనమాట అని రెండు వరసలు గీశాం. మొదటి వారం చూస్తే ఆమెవి పన్నెండు, నావి ఒకటి. అలా రాసిపెట్టి చూస్తే గానీ నాకు సిగ్గు వెయ్యలేదు. అప్పుడు సంఖ్య కట్టాం. ఒక్కొక్కరికి ఐదు తప్పులు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ఐదు దొరకలేదంటే సరిగ్గా వినలేదన్నమాట. ఐదు దాటితే అర్థం చెడగొట్టేవీ, పదే పదే వచ్చేవీ ఏరుకోవాలి.

మాట్లాడుతుంటే ఆపకూడదు. తప్పు వాక్యాన్ని ఎడమ వైపు రాసి ఊరుకోవాలి. ఐదు నిమిషాల దిద్దుబాటులో, అన్నవాళ్లే ముందు సరిచేసే ప్రయత్నం చెయ్యాలి. ఒక ఆదివారం నా వరస ఇలా ఉంది. “జే అలే ఓ మార్షే” అన్నాను, మార్కెట్‌కు వెళ్లానని. తేరిపార చూస్తే నాకే తట్టింది, వెళ్లడానికి “జ స్వీ అలే” రావాలి. అది పుస్తకం చదివీ మరిచిపోయిన తప్పు. రెండోది “జ స్వీ స్వసాంతాన్”, నాకు అరవై ఏళ్లని. ఇంగ్లిష్‌లో ఐ యామ్ సిక్స్టీ అంటాం కాబట్టి అలా వచ్చింది. ఫ్రెంచ్‌లో ఏళ్లు “ఉంటాయి”, “జే” అనాలి. మన “నాకు అరవై ఏళ్లు” అన్నదే దానికి దగ్గర, ఆ వైపు నుంచి ఆలోచించి ఉంటే తప్పేవాణ్ణి కాదు. మూడోది మాత్రం నాకు అర్థం కాలేదు. తాళాలు బీరువా పైన ఉన్నాయని చెప్తే, కింద ఉన్నాయని ఆమె విన్నది. పైన అన్న మాటకూ కింద అన్న మాటకూ చివరి అచ్చు ఒక్కటే తేడా. పైన అనడానికి పెదవులు “ఊ” లాగా గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో “ఈ” అనాలి. మన లిపిలో అది రాయలేం. ఇలా అర్థం తారుమారయ్యే ఉచ్చారణ ఒక్కదాన్నే అక్కడికక్కడ ఆపి దిద్దాలని ఒప్పందం. మరుసటి వారం పాత ఐదింటితో కొత్త వాక్యాలు చెప్పాకే మాటలు మొదలు.

నువ్వు దిద్దే వైపు ఒక ప్రమాదం ఉంది, చెప్తాను విను. ఆమె “ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్” అనేది. నెల రోజులు నాకు అందులో తప్పే కనబడలేదు, నేనూ అలాగే అంటాను మరి. మీ అక్క డాక్ చూసి నవ్వింది. “హావ్ బీన్ లివింగ్, ఫర్ త్రీ ఇయర్స్” అనాలట. ఫ్రెంచ్ వాళ్లూ, మనమూ “మూడేళ్ల నుంచి ఉంటున్నాను” అన్నట్టే ఆలోచిస్తాం, అందుకే ఇద్దరం ఒకే గుంతలో పడ్డాం. అందుకని అనుమానం వచ్చిన వాక్యం పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, నిఘంటువు చూసి వచ్చే వారం చెప్పు. తెలియంది తెలిసినట్టు దిద్దితే ఆమె ఆ తప్పును మోసుకుపోతుంది.

అలాగే “ఎందుకు ఇలా అంటారు” అని ఆమెను నిలదియ్యవద్దు. మనల్ని ఎవరైనా “ఇంటికి” అనడం ఎందుకు, “ఇంటిని” ఎందుకు కాదు అంటే ఏం చెప్తాం? వ్యాకరణం పుస్తకంలో చూసుకో. మన బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి తెలుగు కోసం జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకున్నాడు. నీకు జీతం అక్కర్లేదు గానీ, వాళ్ల పని ఈ అమ్మాయి చేస్తుందనుకోకు.

రెన్ అమ్మాయిని వదిలెయ్యవద్దు. ఈ వారమే ఈ ఏర్పాటంతా ఆమెకు రాసి పంపు, నాలుగు వారాలు చూడు. ఆమెకు నచ్చకపోతే డాక్‌లో నీ వరస ఖాళీగానే ఉంటుంది, తెలిసిపోతుంది. అప్పుడు వేరొకరిని వెతుకుదాం, నర్సమ్మనూ అడుగుతాను.

మరో సంగతి. వచ్చే ఆదివారం ఈ నెలలో చివరిది. ఆ తెల్లవారుజామున ఫ్రాన్స్ వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి చివరి ఆదివారం ముందుకు తిప్పుతారు. ఇప్పుడున్న మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. ఆమెకు సాయంత్రం నాలుగున్నర అంటే నీకు ఇన్నాళ్లూ ఎనిమిది, ఆ రోజు నుంచి తొమ్మిది. నేను మొదటి ఏడాది ఎనిమిదికే కూర్చుని, ఆమె మరిచిపోయిందనుకుని అలిగి లేచిపోయాను. నువ్వు భోజనం చేసి కూర్చో.

ఇట్లు,
మీ పెద్దనాయన